పది బొమ్మలు, పది వాక్యాలు: తెగిన గాలిపటం కథను కారౌసెల్‌గా చేయడం ఎలా?

సంక్రాంతి దగ్గర పడుతుంటే బొమ్మలు వేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఒకటే అడుగుతుంటారు. ఒక పిల్లాడు, తెగిపోయిన గాలిపటం, ఇన్‌స్టాగ్రామ్‌లో పది స్లైడ్లు, స్లైడ్‌కి ఒక బొమ్మ, ఒక వాక్యం. అన్నీ ఉన్నాయి, కానీ చూసేవాళ్లు మూడో స్లైడ్ దగ్గరే వెళ్లిపోతున్నారు, ఏం చేయాలి?

ఇలాంటి కారౌసెళ్లు చాలావాటిలో జబ్బు ఒకటే. బొమ్మలో పిల్లాడు ఏడుస్తుంటాడు, కింద "పిల్లాడు ఏడ్చాడు" అని ఉంటుంది. చూసినదాన్నే మళ్లీ చదవాల్సి వస్తే తర్వాతి స్లైడ్‌కి వెళ్లాలని ఎవరికీ అనిపించదు. అందుకే ఈ పద్ధతిలో ఎక్కువ శ్రమ మూడో మెట్టు దగ్గర ఉంటుంది. మిగతావి త్వరగానే అవుతాయి. ఒక కథను మొదటి నుంచి చివరి దాకా తీసుకుని చేసి చూపిస్తాను, మీ కథ పక్కన పెట్టుకుని చదవండి.

కావాల్సినవి

తెల్ల కాగితాలు, పెన్సిల్, ఒక స్మార్ట్‌ఫోన్. బొమ్మలు గీయడం వస్తే రంగులు, రాకపోతే ఫోన్ కెమెరా. అక్షరాలు పెట్టడానికి కాన్వా లాంటి ఏదైనా డిజైన్ యాప్. తెలుగు యూనికోడ్ ఫాంట్ ఒకటి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే Mandali గానీ Noto Sans Telugu గానీ సరిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు ఒక పోస్టులో 20 స్లైడ్ల దాకా ఒప్పుకుంటుంది, కానీ స్లైడ్‌కి ఒక్క వాక్యమే ఉన్న కథకు పది చాలు. పన్నెండు దాటితే కథ సాగదీసినట్టే ఉంటుంది.

1. గాలిపటంతో పాటు ఇంకేం పోయిందో తేల్చుకోండి

గాలిపటం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ సంగతి చదివేవాళ్లకూ తెలుసు. కాబట్టి "పాపం, గాలిపటం పోయింది" అన్న జాలి పది స్లైడ్లు మోయదు. దానికి ఏదో తగిలించి ఉండాలి. ఆ గాలిపటం ఎవరి కంటా పడకూడదనో, ఎవరికో తిరిగి ఇవ్వాల్సినదనో, చెప్పకుండా తీసుకొచ్చినదనో ఏదో ఒక చిక్కు కావాలి.

మన కథలో చిక్కు ఇది. కరీంనగర్‌లో ఒక గల్లీ. నాలుగో తరగతి గోపికి లెక్కల పరీక్షలో 25కి 7 వచ్చాయి. సెలవులు అయ్యేలోపు ఆ పేపరు మీద బాపు సంతకం పెట్టించుకుని రమ్మన్నారు. వాడు దాన్ని చింపి, చిరిగిన పతంగికి అతుకేశాడు. ఇప్పుడు ఆ పతంగి తెగింది. అంటే గోపి దాచుకున్నది ఊరి మీద ఎగురుతోంది.

ఒక్క వాక్యంలో రాసి చూడండి: "గాలిపటం పోవడం వల్ల ఈ పిల్లకు లేదా పిల్లాడికి ________ అవుతుంది." ఖాళీలో "బాధ" తప్ప ఇంకేమీ రాయలేకపోతే బొమ్మలు మొదలుపెట్టకండి.

2. కథను పేరాగా రాసి, క్షణాలుగా కోయండి

ముందు మామూలుగా, పది పన్నెండు వాక్యాల్లో కథంతా రాయండి. అందంగా ఉండనక్కర్లేదు. తర్వాత ఒక్కో వాక్యం పక్కన "ఇది ఫొటో తీయగలనా?" అని అడగండి. "గోపి చాలా రోజులుగా భయపడుతున్నాడు" ఫొటోకు దొరకదు. "ఒక కాలికే చెప్పు వేసుకుని మెట్లు దిగుతున్నాడు" దొరుకుతుంది. దొరకని వాక్యాలను పారేయకండి, పక్కన పెట్టండి. మూడో మెట్టులో అవే పనికొస్తాయి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, మొదటి రెండు స్లైడ్లూ పరిచయానికే ఖర్చవడం. "అనగనగా ఒక ఊళ్లో గోపి అనే అబ్బాయి ఉండేవాడు, వాడికి గాలిపటాలంటే ఎంతో ఇష్టం." ఈ రెండూ తీసేసినా కథకు ఏమీ కాదు. దారం తెగిన క్షణంతోనే మొదలుపెట్టండి.

3. బొమ్మకు ఒక పని, వాక్యానికి వేరే పని ఇవ్వండి

ఒక కాగితం మీద నిలువు గీత గీయండి. ఎడమ వైపు బొమ్మలో ఏం కనిపిస్తుందో, కుడి వైపు వాక్యం ఏం చెబుతుందో రాయండి. రెండు వైపులా ఒకే సంగతి వస్తే ఒక వైపు కొట్టేయండి. బొమ్మకు చేతకానివి కొన్నున్నాయి: పాత సంగతి, మనసులోని మాట, ఎవరో అన్న మాట, ఆ ఊళ్లో చెల్లే కట్టుబాటు. వాక్యానికి అవి ఇవ్వండి. స్థలం, ఒంటి తీరు, వస్తువులు, అప్పుడే జరిగిన పని బొమ్మకు వదిలేయండి.

గోపి కథ ఇలా తయారైంది:

స్లైడ్ 1. డాబా మీద గోపి వీపు, చేతిలో చెక్క చర్ఖా, గాల్లో వేలాడుతున్న దారం కొస. *"పతంగి తెగింది. గోపికి ఏడుపు రాలేదు, చెమట పట్టింది."*

స్లైడ్ 2. ఆకాశంలో ఎర్ర పతంగి, దాని మూలన తెల్ల కాగితం అతుకు. *"మొన్న చిరిగితే అన్నం మెతుకులతో తనే అతికించాడు."*

స్లైడ్ 3. మెట్ల మీద పరుగు, ఒక కాలికే చెప్పు. *"ఎటైనా పోనీ, బాపు దుకాణం దిక్కు మాత్రం పోవద్దు."*

స్లైడ్ 4. గల్లీలో పిల్లల గుంపు, కొసకు తుమ్మకంప కట్టిన పొడుగు కర్రలు. *"తెగిన పతంగి ఎవరికి దొరికితే వాళ్లదే."*

స్లైడ్ 5. కిరాణా దుకాణం ముందు రేకుల మీద వాలిన పతంగి. *"గాలి గోపి మాట వినలేదు."*

స్లైడ్ 6. రేకుల మీది నుంచి పతంగిని తీస్తున్న పెద్ద చెయ్యి. *"ఎవనిదిరా ఇది?"*

స్లైడ్ 7. వరుసగా నిలబడ్డ పిల్లల కాళ్లు, ఒక జత కాళ్లలో ఒకదానికే చెప్పు. *"అందరూ 'నాదే' అన్నారు, ఒక్కడు తప్ప."*

స్లైడ్ 8. అతుకు దగ్గరగా: ఎర్ర సిరాతో 7/25. *"బడి తెరిచేలోపు సంతకం పెట్టించుకు రమ్మన్న కాగితం."*

స్లైడ్ 9. చెవి మీది పెన్ను తీస్తున్న చెయ్యి, ముఖం కనిపించదు. *"బాపు రెండుసార్లు చదివాడు."*

స్లైడ్ 10. తరగతి గది. టీచర్ బల్ల ముందు గోపి, రెండు చేతుల్లో పతంగి మొత్తం. అతుకు మీద ఎర్ర మార్కులు, వాటి కింద నీలం సంతకం. *"సంతకం పెట్టిచ్చుకొచ్చినవా?" అంది టీచర్.*

నాలుగో స్లైడ్ ఒకసారి చూడండి. మొదట అక్కడ "పిల్లలంతా పతంగి వెంట పరుగెత్తారు" అని రాయబుద్ధవుతుంది. పరుగు బొమ్మలోనే ఉంది. దాని బదులు గల్లీలో చెల్లే కట్టుబాటు చెప్పగానే గోపికి ఇంకో కష్టం కూడా ఉందని తెలుస్తుంది: అరిచి అడిగినా అది తనది కాదు. ఏడో స్లైడ్‌లో అదే కట్టుబాటు తిరగబడుతుంది. అసలు సొంతదారు ఒక్కడే నోరు మెదపడు. వాడెవడో వాక్యం చెప్పదు, మూడో స్లైడ్‌లో చూసిన ఒంటి చెప్పు చెబుతుంది. చూసేవాళ్లు వెనక్కి జరిపి సరిచూసుకునేది ఇలాంటి చోటే.

ఎనిమిదో స్లైడ్‌లో "గోపికి ఏడు మార్కులే వచ్చాయి" అని రాయలేదు, అంకె కళ్ల ముందే ఉంది కాబట్టి. సంతకం సంగతి బొమ్మలో కనపడదు, అది వాక్యంలోకి వెళ్లింది. అది అక్కడ పడకపోతే పదో స్లైడ్ ఎవరికీ అర్థం కాదు.

తొమ్మిదో దానిలో బాపు ముఖం చూపించాలని చాలామందికి ఉంటుంది. కోపంగా వేస్తే బెదిరింపు కథ అవుతుంది, నవ్వుతూ వేస్తే పదో స్లైడ్‌లో రావాల్సిన నవ్వు ముందే అయిపోతుంది. చెయ్యి చాలు.

ముగింపు దగ్గర ఈ కథలు ఎక్కువగా రెండు దారులు పడతాయి. ఒకటి, ఎవరో కొత్త గాలిపటం కొనిస్తారు. అప్పుడు పోయినదానికి విలువే లేదని మీరే ఒప్పుకున్నట్టు. రెండోది, గాలిపటం సూర్యాస్తమయంలో చుక్కై మాయమవుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ మొదట్లో పెట్టిన చిక్కు అలాగే ఉండిపోతుంది. మీ ఖాళీలో రాసుకున్న మాట ఏమైందో చివరి స్లైడ్ చూపించాలి. వీలైతే వాక్యం ప్రశ్నగా, బొమ్మ జవాబుగా ఉండనివ్వండి.

వాక్యం పొడవు సంగతి. ఎనిమిది తొమ్మిది మాటలు దాటనివ్వకండి. రెండు పొట్టి వాక్యాలు ఒక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. "కానీ", "అప్పుడు", "ఇంతలో" లాంటివి కొట్టేయండి. వేలు జరపడంలోనే "ఇంతలో" ఉంది.

4. తపాలా బిళ్లంత బొమ్మలు గీసి, దిక్కు సరిచూడండి

ఒకే కాగితం మీద పది చిన్న డబ్బాలు గీసి, పుల్లల మనుషులతో కథంతా వేయండి. రంగులొద్దు. ఇక్కడ చూడాల్సింది దిక్కు.

వేలితో ఎడమకు జరిపితే తర్వాతి బొమ్మ కుడి నుంచి వస్తుంది. కాబట్టి గాలిపటం కుడి వైపే కొట్టుకుపోవాలి, గోపి కుడి వైపే పరుగెత్తాలి. మూడో స్లైడ్‌లో కుడికి, నాలుగో దానిలో ఎడమకు పరుగెడితే వాడు వెనక్కి వస్తున్నాడనిపిస్తుంది. నిజంగా వెనక్కి వచ్చే చోట మాత్రమే ఎడమకు తిప్పండి.

తెగిన దారాన్ని ఒక స్లైడ్ కుడి అంచులో వదిలేసి, తర్వాతి స్లైడ్ ఎడమ అంచులో అదే ఎత్తులో మొదలుపెట్టవచ్చు. జరిపేటప్పుడు దారం తెగకుండా సాగుతుంది. ఒకటి, రెండు స్లైడ్ల మధ్య ఒక్కసారి చేస్తే ముచ్చటగా ఉంటుంది. పది స్లైడ్లూ అలా కలిపితే చూసేవాళ్లు కథ మాని దారం చూస్తారు.

5. బొమ్మలు వేయండి, లేదా ఫొటోలు తీయండి

ఏ స్లైడ్ చూసినా ఇది అదే పిల్లాడు, అదే గాలిపటం అని తెలియాలి. దానికి మూడు గుర్తులు ఎంచుకుని మార్చకండి. ఇక్కడవి ఎర్ర పతంగి, తెల్ల అతుకు, గోపి పసుపు చొక్కా. వెనక రంగులు వెలిసినట్టుగా ఉంచి, ఎరుపును పతంగికీ, మార్కుల సిరాకూ మాత్రమే వాడితే ఎనిమిదో స్లైడ్‌కి బలం వస్తుంది. దుకాణం బోర్డు కూడా ఎర్రగా వేశారనుకోండి, ఆ బలం పోయినట్టే.

అతుకు రెండో స్లైడ్‌లో కనపడాలి, కానీ చదవడానికి రాకూడదు. ఎర్రటి మరక ఒకటి వేస్తే చాలు. అంకె అక్కడే కనిపిస్తే కథ రెండో స్లైడ్‌లోనే అయిపోతుంది.

బొమ్మలు రాకపోతే ఫొటోలతో చేయండి. ఈ కథలో ముఖం అవసరమైన స్లైడ్ ఒక్కటీ లేదు. వీపు, చేతులు, కాళ్లు, పతంగి, అంతే. పిల్లల ముఖాలు చూపించాల్సి వస్తే వాళ్ల అమ్మానాన్నలను ముందే అడగండి. పదో స్లైడ్‌కి బడి దొరకకపోతే ఒక బల్ల, సుద్దముక్క, వెనక నల్లబోర్డు ముక్క చాలు. పది ఫొటోలూ ఒకే పూట తీయండి. ఉదయం నీడ, సాయంత్రం నీడ కలిస్తే రెండు రోజుల కథలా ఉంటుంది. పదోది మాత్రం వేరే రోజు కాబట్టి దాని వెలుగు వేరుగా ఉంటేనే మంచిది.

రెండు జాగ్రత్తలు. గాలిపటం కరెంటు తీగ మీద చిక్కుకున్నట్టు, పిల్లాడు కర్రతో తీస్తున్నట్టు వేయకండి. చూసేవాళ్లలో పిల్లలు కూడా ఉంటారు, అలా చేయబోయి షాక్ కొట్టి ప్రాణాలు పోతాయి. ఈ కథలో పతంగి రేకుల మీద వాలింది, దాన్ని తీసింది పెద్దవాళ్లు. ఫొటో కోసం కూడా పిట్టగోడ ఎక్కించకండి. ఇక దారం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. మెరిసే ప్లాస్టిక్ దారపు చుట్ట కాకుండా నూలు దారం, చెక్క చర్ఖా చూపించండి. కెమెరాకు కూడా అవే బాగుంటాయి.

6. తెలుగు అక్షరాలు పెట్టండి

కాన్వాస్ కొలత 1080 × 1350 పిక్సెళ్లు. పది స్లైడ్లకూ ఇదే ఉండాలి. ఒకటి చతురస్రంగా, ఇంకోటి నిలువుగా ఉంటే పోస్ట్ చేసేటప్పుడు మొదటిదానికి తగ్గట్టు మిగతావి కత్తిరింపు అవుతాయి. ప్రొఫైల్ పేజీలో మొదటి స్లైడ్ 3:4గా కనిపిస్తుంది, అంటే ఎడమ కుడి అంచుల్లో చెరో 34 పిక్సెళ్లు పోతాయి. అక్షరాలను అంచు నుంచి కనీసం 100 పిక్సెళ్లు లోపలికి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. పై కుడి మూలలో 1/10 అన్న అంకె కాసేపు కనిపిస్తుంది. చిన్న గాలిపటాన్ని సరిగ్గా ఆ మూలలోనే పెట్టకండి, దాని కింద పడిపోతుంది.

అక్షరం సైజు 56 పిక్సెళ్లకు తగ్గించకండి. వాక్యం పది స్లైడ్లలోనూ ఒకే చోట ఉండనివ్వండి. చూపు ప్రతిసారీ వెతుక్కోకూడదు. ఆకాశం మీద తెల్లక్షరాలు పెడితే ఎండలో ఫోన్ చూసేవాళ్లకు కనపడవు. కింద ఒక రంగు పట్టీ వేసి దాని మీద పెట్టడం తేలిక.

ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల దూరం తెలుగుకు చాలదు. కింద ఒత్తులు వేలాడతాయి, పైన గుడులు లేస్తాయి. రెండు వరుసలున్న వాక్యంలో పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. వరుసల దూరాన్ని 1.5కి పెంచి చూడండి. అక్షరాల మధ్య దూరం మాత్రం సున్నా దగ్గరే ఉంచండి. దాన్ని పెంచితే కొన్ని యాప్‌లలో ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి.

యాప్ తెలుగును సరిగా చూపిస్తుందో లేదో ముందే తేల్చుకోవాలంటే "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" అని టైపు చేయండి. ఒత్తులు కిందికి దిగకుండా పక్కన పొల్లుతో నిలబడితే ఆ యాప్ గానీ ఫాంట్ గానీ మార్చేయండి. మార్చే వీలు లేకపోతే వాక్యాన్ని కాగితం మీద చేత్తో రాసి ఫొటో తీసి అతికించండి. పిల్లల కథకు నోటుబుక్కు చేతిరాత చాలాసార్లు ఫాంటు కంటే బాగుంటుంది.

వరుసను యాప్‌కి వదిలేయకుండా మీరే విరగ్గొట్టండి. "పెట్టిచ్చుకొచ్చినవా" లాంటి పొడుగు మాటను కొన్ని యాప్‌లు మధ్యలో కోసి కింది వరుసకు పంపుతాయి. "బడి తెరిచేలోపు / సంతకం పెట్టించుకు రమ్మన్న / కాగితం" అని అర్థం దగ్గర ఆపితే ఒక్క చూపులో చదవవచ్చు.

7. సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించండి

మొదట వాక్యాలు కనపడకుండా బొమ్మలు మాత్రమే ఒకరికి చూపించి కథ చెప్పమనండి. "పిల్లాడు గాలిపటం వెంట పడ్డాడు, ఎవరో పట్టుకున్నారు" దాకా వస్తే చాలు. కథంతా చెప్పేస్తే మీ వాక్యాలు దండగ. తర్వాత ఇంకొకరికి బొమ్మలు లేకుండా వాక్యాలు చదివి వినిపించండి. వాళ్లకు పదోది అసంపూర్తిగా అనిపించాలి. "బాగుంది, అర్థమైంది" అంటే మీ బొమ్మలు అలంకారానికే ఉన్నట్టు.

మూడో మనిషికి పూర్తి కారౌసెల్‌ను ఫోన్‌లో ఇచ్చి, మాట్లాడకుండా వాళ్ల బొటనవేలిని గమనించండి. ఏడో స్లైడ్ దగ్గర ఆగితే, లేదా వెనక్కి వెళితే ఒంటి చెప్పు పనిచేసింది. పదో దాని దగ్గర వెంటనే నవ్వు రాకపోతే సంతకం చిన్నగా ఉందేమో, నీలం రంగు ఎర్ర మార్కుల్లో కలిసిపోయిందేమో చూడండి. ఎవరైనా "ఇంతకీ ఆ కాగితం ఏంటి?" అని అడిగితే తప్పు పదో దానిలో కాదు, ఎనిమిదిలో ఉంటుంది.

ఇంకో చిన్న పరీక్ష: ఏదో ఒక స్లైడ్ తీసేసి చూపించండి. ఎవరికీ లోటు తెలియకపోతే దాన్ని తిరిగి పెట్టకండి. ఈ కథలో ఐదోది అంచున నిలబడి ఉంది. దుకాణం ఆరో దానిలో స్పష్టంగా కనిపించేలా వేయగలిగితే తొమ్మిది స్లైడ్లతోనే సరిపెట్టవచ్చు.

8. పోస్ట్ చేయండి

ఫైళ్లకు 01.png, 02.png అని పేర్లు పెట్టండి. 1, 2, 10 అని పెడితే కొన్ని ఫోన్లలో 10 వచ్చి 1 పక్కన కూర్చుంటుంది. ఎంచుకునేటప్పుడు ఏ వరుసలో నొక్కితే ఆ వరుసలోనే స్లైడ్లు వస్తాయి కాబట్టి, పంచుకునే ముందు ఒకసారి చివరి దాకా జరిపి చూడండి. పోస్ట్ అయ్యాక క్యాప్షన్ మార్చుకోవచ్చు గానీ బొమ్మలో అక్షరదోషం దిద్దే వీలుండదు.

క్యాప్షన్‌లో కథ సారాంశం గానీ, "పిల్లల్ని మార్కుల కోసం భయపెట్టకండి" లాంటి బోధ గానీ రాయకండి. చాలామంది మొదటి స్లైడ్‌తో పాటే క్యాప్షన్ మొదటి వరుస కూడా చూస్తారు. కథ పేరు, బొమ్మలు ఎవరు వేశారు, అంతవరకే. చూపు లేనివాళ్ల కోసం ప్రతి స్లైడ్‌కీ ఆల్ట్ టెక్స్ట్ రాసే చోటు ఉంటుంది. మూడో మెట్టులో ఎడమ వైపు రాసుకున్న మాటలు, దాని కింద ఆ స్లైడ్ వాక్యం అక్కడ పెట్టేయండి.

వాట్సాప్‌లో చుట్టాలకు పంపాలంటే పది బొమ్మలూ ఒకేసారి పంపకండి. అవి ఒక గుత్తిగా మారి మొదటి నాలుగూ ఒక్కసారే కనిపిస్తాయి, మిగతావి వాటి వెనక ఉండిపోతాయి. పది పేజీల పీడీఎఫ్‌గా చేసి పంపండి, లేదా స్టేటస్‌లో వరుసగా పెట్టండి. స్టేటస్‌లో బొమ్మలు వాటంతట అవే మారిపోతాయి కాబట్టి పొడుగు వాక్యం ఉన్న ఎనిమిదో స్లైడ్‌ను ఒకసారి మీ ఫోన్‌లోనే చదివి చూసుకోండి. టైము చాలకపోతే అక్కడికి మాత్రం "సంతకం కోసం ఇచ్చిన కాగితం" అని కుదించిన స్లైడ్ ఒకటి వేరేగా చేసి పెట్టుకోండి.